పెరంబూరు పాత ఇల్లు: ఈ బీటలు పునాదివా, ఎండవా, భూకంపానివా?

పెరంబూరు ప్రసాద్ | 2023 మే 14

అందరికీ నమస్కారం. మా తాతగారు 1930ల్లో కట్టించిన ఇల్లు ఇది. ఇటుక, సున్నం గోడలు, కింద ఒకటి, పైన ఒకటి. ముందు భాగం కప్పు పాత మద్రాస్ టెర్రస్, టేకు దూలాల మీదే ఉంది. వెనక పడమటి భాగంలో దూలాలు చెదలు పట్టడంతో 1994లో నాన్న వాటిని తీయించి ఆర్‌సీసీ స్లాబ్ వేయించారు.

అమ్ముదామని ఒకరికి చూపిస్తే వాళ్లు తెచ్చుకున్న ఇంజినీరు పది నిమిషాలు తిరిగి "2012 భూకంపం దెబ్బ ఇది, గోడల్లో బలం పోయింది" అన్నాడు. ధర సగానికి దించారు. ఆ రోజు మధ్యాహ్నం మేమంతా రోడ్డు మీదికి పరిగెత్తిన మాట నిజమే. కానీ ఈ బీటలన్నీ అప్పుడే వచ్చాయా అంటే చెప్పలేను.

బీటలు మూడు రకాలుగా ఉన్నాయి.

ఒకటి: పై అంతస్తు పడమటి గదిలో, స్లాబ్ కింద గోడ పొడవునా అడ్డంగా. చివర్లో గోడ మూల దగ్గర ఏటవాలుగా కిందికి దిగింది.

రెండు: ఉత్తరపు గోడలో, ఈశాన్య మూల దగ్గర. కింది కిటికీ అడుగు నుంచి పై అంతస్తు దాకా మెట్లు మెట్లుగా ఎక్కింది. కింద వెంట్రుకంత, పైన వేలిగోరు దూరేంత. ఆ మూలకి పన్నెండడుగుల దూరంలో పెద్ద వేపచెట్టు ఉంది.

మూడు: అదే గోడలో హాలు కిటికీలు రెండింటి మధ్య ఇంటూ గుర్తులా.

ఫొటోలు పెట్టాను. నిజంగా భూకంపమేనా?

---

కోడంబాక్కం కిరణ్ | 2023 మే 14

ప్రసాద్ అన్నా, సైట్‌లో మేం చూసేది ఇదే. అడ్డంగా ఉంటే ఎండ, ఏటవాలుగా ఉంటే పునాది దిగడం, ఇంటూలా ఉంటే భూకంపం. మూడోది చూస్తే ఆ ఇంజినీరు చెప్పింది తప్పు కాదనిపిస్తోంది. 2002లో భూకంపాల కోడ్ మార్చినప్పుడు చెన్నైని ఓ మోస్తరు ముప్పు ఉండే జోన్ 3లోకి తెచ్చారు కదా. ముందు బీటల మీద గాజు ముక్కలు అతికించండి. పగిలితే బీట ఇంకా కదులుతోందని అర్థం.

---

షావుకారుపేట సత్యం | 2023 మే 15

2012 ఎక్కడ బాబూ, అంతకుముందు 2001లో వచ్చింది చూడు, సెప్టెంబర్ 25 రాత్రి. పుదుచ్చేరి దగ్గర సముద్రంలో. మా వీధిలో జనమంతా లుంగీలతో బయటికొచ్చారు. ఆ మర్నాడే మా పిట్టగోడలో బీట చూశాను. మీ నాన్నగారు ఉంటే ఆయన్నే అడుగు, ఆయనకి గుర్తుండాలి.

---

వేళచ్చేరి వాణి | 2023 మే 15

మాది ఏడో అంతస్తు ఫ్లాట్. బీమ్ కింద, పిల్లర్ పక్కన గోడ అంతా సన్నగా బీట వచ్చింది. బిల్డర్ పుట్టీ పెట్టి రంగేశాడు, మళ్లీ వచ్చింది. ఇది కూడా భూకంపమేనా? టెన్షన్‌గా ఉంది.

---

విజయలక్ష్మి, తిరువాన్మియూర్ | 2023 మే 16

వాణి గారూ, మీది వేరే సంగతి. మీ ఇంట్లో బరువు మోసేది పిల్లర్లు, బీములు. మధ్యలో ఇటుక గోడ కేవలం నింపింది. కాంక్రీటూ ఇటుకా కలిసే చోట ఆ సన్నని గీత దాదాపు ప్రతి ఫ్లాట్‌లోనూ వస్తుంది. పిల్లర్‌లోనో బీమ్‌లోనో బీట ఉంటే తప్ప దాని గురించి బెంగ వద్దు. మీరు వేరే టాపిక్ తెరవండి, అక్కడ రాస్తాను.

ఇక ప్రసాద్ గారి ఇల్లు. కిరణ్, "ఏటవాలు అంటే పునాది" అన్నది సగమే నిజం. ఎండా ఏటవాలు బీట తెస్తుంది, భూకంపమూ తెస్తుంది. చూడాల్సింది ఏటవాలు ఉందా లేదా అని కాదు, ఏ వైపుకి ఎక్కుతోంది అని.

ఖాళీ అగ్గిపెట్టె తొడుగుని నోరు మీ వైపు ఉండేలా ఎడమ అంచు దగ్గర గాల్లో పట్టుకుని కుడి అంచుని కిందికి నొక్కండి. నలుచదరం కాస్తా వాలుతుంది. ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకి ఉన్న దూరం సాగుతుంది, రెండో కర్ణం కుదించుకుపోతుంది. ఇటుక గోడ సాగలేదు, కాబట్టి సాగే దిక్కుకి అడ్డంగా తెగుతుంది. అంటే బీట ఎడమ కింద నుంచి కుడి పైకి ఎక్కుతుంది. కుడి మూల దిగితే బీట కుడి మూల వైపే ఎక్కుతుందన్నమాట. పునాది దిగిన మూల వైపు బీట పైకి పోతుంది, ఇదొకటి గుర్తుపెట్టుకోండి. మూల బయటికి వాలుతూ దిగుతుంది కాబట్టి బీట పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటుంది. మీ రెండో బీట అచ్చం ఇలాగే ఉంది.

స్లాబ్ సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. ఎండకి స్లాబ్ సాగి గోడ పైభాగాన్ని బయటికి, అంటే ఇంటి చివరి వైపుకి తోస్తుంది. గోడ అడుగు కదలదు. అప్పుడు బీట ఇంటి మధ్య వైపు ఎక్కుతుంది, చివరి మూల వైపు దిగుతుంది. మీ ఒకటో బీట చివర మూల దగ్గర కిందికి దిగిందన్నారు కదా, సరిపోతోంది. ఇది పై అంతస్తులోనే ఉంటుంది, కిందికి పోయేకొద్దీ మాయమవుతుంది.

భూకంపంలో గోడ అటూ ఇటూ ఊగుతుంది. ఒక ఊపుకి ఒక వాలు, ఎదురు ఊపుకి రెండో వాలు. అందుకే ఇంటూ. అది ఎక్కువగా కింది అంతస్తులో, కిటికీల మధ్య సన్నని గోడల్లో పడుతుంది, ఎందుకంటే పైనున్న బరువంతా ఊగితే ఆ తోపుడు భరించేది కింది గోడలే.

ఒక జాగ్రత్త. మీ ఫొటోల్లో రెండోది లోపలి నుంచి తీశారు, మూడోది బయటి నుంచి. లోపల నుంచి చూస్తే కుడి ఎడమలు తారుమారు. అందుకే కుడి, ఎడమ అని రాసుకోకండి. "మూల వైపు ఎక్కింది", "ఇంటి మధ్య వైపు ఎక్కింది" అని రాసుకోండి.

---

కోడంబాక్కం కిరణ్ | 2023 మే 16

మేడమ్, ఇల్లు మధ్యలో కుంగితే? అప్పుడు కూడా బీట మధ్య వైపే ఎక్కాలి కదా. మరి ఎండ బీటకీ దానికీ తేడా ఏమిటి?

---

విజయలక్ష్మి, తిరువాన్మియూర్ | 2023 మే 16

సరైన ప్రశ్న. వాలు ఒక్కటే చూస్తే ఆ రెండూ ఒకేలా కనిపిస్తాయి. మధ్య కుంగితే బీట కింది అంతస్తులో, బేస్‌మెంట్ దగ్గర మొదలై కిందే వెడల్పుగా ఉంటుంది. ఎండది పై అంతస్తులో మొదలవుతుంది. అప్పటికీ అనుమానం తీరకపోతే కొలవాలి. ఎండ బీట ఒక్క రోజులో కదులుతుంది. బంకమట్టిలో పునాది బీట నెలల మీద కదులుతుంది. భూకంపం బీట ఒకసారి వచ్చి అలాగే ఉండిపోతుంది.

గాజు ముక్కలు నాకు నచ్చవు. పగిలితే కదిలిందని తెలుస్తుంది, ఎంత, ఎటు అన్నది తెలియదు. స్లాబ్ కింద అతికిస్తే మొదటి ఎండకే పగులుతుంది, మీరేమో పునాది పోయిందని భయపడతారు. బీటకి అటొకటి ఇటొకటి చిన్న ఇత్తడి స్క్రూలు గోడలోకి దిగేసి, వాటి మధ్య దూరం డిజిటల్ వెర్నియర్‌తో కొలవండి. ప్లాస్టర్‌లో కాదు, ఇటుకలోకి దిగాలి.

---

నెల్లూరు మేస్త్రి కొడుకు | 2023 మే 17

మా నాన్న చెప్పే మాట ఒకటి. బీట ఎంత పాతదో దాని కడుపులో చూడాలి. లోపల రంగు పొరలు దిగి ఉంటే అన్ని రంగులు వేసేనాటికే బీట ఉన్నట్టు. సాలెగూడు, మసి, దుమ్ము ఉంటే పాతది. అంచులు పదునుగా, ఇటుక ఎర్రగా కనిపిస్తే కొత్తది. ప్రసాద్ అన్నా, టార్చి పెట్టి చూడు. ఇంకోటి, సున్నం గోడ కాబట్టి బీట ఎక్కువగా అతుకుల వెంటే పోతుంది, ఇటుకని కోయడం తక్కువ. మెట్లు మెట్లుగా ఉందని పునాది అనుకోవద్దు.

---

పెరంబూరు ప్రసాద్ | 2023 మే 29

అందరికీ థాంక్స్. స్క్రూలు దిగేశాను. విజయలక్ష్మి గారూ, విచిత్రం ఏమిటంటే స్లాబ్ కింద బీటకి పైన ఒకటి కింద ఒకటి పెట్టి పొద్దున 6కి, సాయంత్రం 4కి కొలిస్తే దాదాపు ఏ తేడా లేదు. అంటే ఎండది కాదా?

రెండో బీటలో కూడా పొద్దునకీ సాయంత్రానికీ తేడా లేదు. పైన వెడల్పు 6.2 మి.మీ. ఉంది. టార్చి పెట్టి చూస్తే లోపల పసుపు రంగు ఉంది. ఆ పసుపు మా అక్క పెళ్లికి వేయించింది, 1998లో.

---

విజయలక్ష్మి, తిరువాన్మియూర్ | 2023 మే 29

ఎండది కాదని కాదు, కొలత ఆ కదలికని పట్టుకోలేదు. స్లాబ్ అక్కడ నోరు తెరవడం లేదు, గోడ మీద జారుతోంది. పైకీ కిందికీ కొలిస్తే ఆ జారుడు తెలియదు. మూడు స్క్రూలు పెట్టండి. రెండు గోడలో, 100 మి.మీ. ఎడంగా అడ్డంగా. మూడోది స్లాబ్ అంచులో. మూడు దూరాలూ కొలిస్తే మూడోది ఎంత పక్కకి పోయిందో లెక్క వేయొచ్చు.

ఎంత రావాలో ముందే చూద్దాం. మీ స్లాబ్ ఎంత పొడవు? దానికి మధ్యలో అడ్డగోడ ఉందా? పైన ఏమేసి ఉంది?

---

పెరంబూరు ప్రసాద్ | 2023 మే 30

స్లాబ్ 11 మీటర్లు. తూర్పు చివర నుంచి 3 మీటర్ల దగ్గర లావు అడ్డగోడ ఉంది, దాని నుంచి పడమటి చివరికి 8 మీటర్లు. మొదట స్లాబ్ మీద సున్నం కాంక్రీటు, తట్టోడు పలకలు ఉండేవి. 2016లో కారుతోందని వాటిని పెకలించి నల్ల తారు షీటు వేశారు.

---

విజయలక్ష్మి, తిరువాన్మియూర్ | 2023 మే 30

ఆ నల్ల షీటు దగ్గరే కథ ఉంది. సున్నం కాంక్రీటు, తట్టోడు కలిసి స్లాబ్‌కి గొడుగులా ఉండేవి. అవి తీసి నల్లది వేస్తే మే నెల ఎండంతా నేరుగా స్లాబ్‌లోకే.

కాంక్రీటు ఒక డిగ్రీకి మీటరుకి సుమారు 0.01 మి.మీ. సాగుతుంది. ఇటుక గోడ దానిలో సగం, కాస్త ఎక్కువ. స్లాబ్ పైముఖం బాగా వేడెక్కుతుంది గాని మొత్తం మందం సగటున రోజుకి 15 డిగ్రీలు మారిందనుకుందాం. 8 మీటర్లకి 8 × 0.01 × 15 = 1.2 మి.మీ. లావు అడ్డగోడ దగ్గర అది కదలదు కాబట్టి ఆ కదలికంతా పడమటి చివర చేరుతుంది. గోడ కూడా కొంత వేడెక్కి సాగుతుంది, కొంత పట్టి ఆపుతుంది. అందుకని మీకు 1.2 రాదు. దానిలో సగం కనిపించినా సరిపోతుంది.

---

పెరంబూరు ప్రసాద్ | 2023 జూన్ 6

వచ్చింది మేడమ్! పడమటి చివర పొద్దున 6 నుంచి సాయంత్రం 4 వరకు 0.6 మి.మీ. బయటికి జరిగింది, రాత్రికి వెనక్కి వచ్చింది. మబ్బు పట్టిన రోజు 0.2 మాత్రమే. అడ్డగోడ దగ్గర ఏమీ లేదు. చూస్తుంటే ఇల్లు ఊపిరి తీస్తున్నట్టుంది, నిద్ర పట్టలేదు.

---

విజయలక్ష్మి, తిరువాన్మియూర్ | 2023 జూన్ 6

నిద్రపోండి. 1994 నుంచి అలాగే ఊపిరి తీస్తోంది, 2016 తర్వాత కాస్త గట్టిగా. ఆ బీటని సిమెంటుతో మాత్రం పూడ్చకండి. రాత్రి పూడిస్తే మర్నాడు పగలు గోడని ఇంకో చోట చీలుస్తుంది. పైన మళ్లీ తట్టోడు వేయించడం అసలు మందు. అది కుదిరేలోపు తెల్ల కూలింగ్ పెయింట్ అయినా వేయండి. లోపల బీటకి సాగే సీలెంట్ పెట్టి, పైన ఒక పట్టీ బిగించి దాన్ని గోడకే మేకులు కొట్టండి, స్లాబ్‌కి కాదు.

ఇప్పుడు ఇంటూ సంగతి. ఆ బీట మీద ప్లాస్టర్ జానెడు వెడల్పున తీసి లోపల ఇటుక చూడండి. ఇంకోటి, దక్షిణపు గోడలో కూడా హాలు కిటికీల మధ్య ఇలాంటి గోడ ఉందా? దానిలో ఏమైనా బీట ఉందా?

---

పెరంబూరు ప్రసాద్ | 2023 జూన్ 18

ప్లాస్టర్ తీశాను. ఈశాన్య మూల వైపు ఎక్కే గీత ఇటుక అతుకుల వెంట స్పష్టంగా ఉంది, లోపల పసుపు రంగు. రెండో గీత, అంటే ఎదురు వాలుది, ప్లాస్టర్‌లో పొడవుగా ఉంది గాని ఇటుకలో రెండు మూడు అతుకుల దాకా వెంట్రుకంత కనిపించి ఆగిపోయింది. దానిలో రంగు లేదు.

దక్షిణపు గోడలో అచ్చం అలాంటి గోడే ఉంది, కొలతలు కూడా అవే. ఒక్క బీట కూడా లేదు.

---

విజయలక్ష్మి, తిరువాన్మియూర్ | 2023 జూన్ 18

ఆ ఒక్క మాట చాలా చెబుతోంది. ఉత్తర, దక్షిణ గోడలు రెండూ తూర్పు పడమరలుగా నడుస్తాయి. ఆ దిక్కున నేల ఊగితే రెండు గోడలూ తోపుడు పంచుకోవాలి. ఒకదానిలో ఇంటూ పడి రెండోది చెక్కుచెదరకపోవడం కష్టం. మీ ఇంటూలో మొదటి గీత రెండో బీటకి తమ్ముడు, అదే మూల దిగడం వల్ల వచ్చింది. 1998 రంగు లోపల ఉంది కాబట్టి 2001, 2012 రెండింటికీ ముందుదే.

2012 ఏప్రిల్ 11 గురించి కూడా. అది 8.6 తీవ్రతది, కానీ సుమత్రా పడమట సముద్రంలో, ఇక్కడికి దాదాపు 2,000 కి.మీ. అంత దూరం వచ్చేసరికి వేగంగా కదిపే అలలు చచ్చిపోతాయి, నెమ్మదిగా ఊపేవి మిగులుతాయి. వాటికి ఎత్తయిన భవనాలు ఊగుతాయి, వాణి గారి ఏడో అంతస్తులాంటివి. రెండంతస్తుల లావు సున్నం గోడ ఇల్లు బిగువైనది, ఆ నెమ్మది ఊపుకి పెద్దగా స్పందించదు. అప్పటికే వదులైన ప్లాస్టర్ ఊడిపడొచ్చు.

---

షావుకారుపేట సత్యం | 2023 జూన్ 19

2012 వదిలేయమ్మా. 2001ది ఎక్కడో సుమత్రా కాదు, మన పక్క సముద్రమే. 5.5 అన్నారు. రంగు లేని ఆ రెండో గీత అప్పటిది ఎందుకు కాకూడదు? మా పిట్టగోడ నేను కళ్లారా చూశాను.

---

విజయలక్ష్మి, తిరువాన్మియూర్ | 2023 జూన్ 19

సత్యం గారూ, కాదని నేననను. దగ్గరలో వచ్చే చిన్న భూకంపమే ఇలాంటి పొట్టి ఇళ్లకి ఎక్కువ హాని. మీ పిట్టగోడ బీటకి అది కారణం కావచ్చు, ఇంట్లో అన్నిటికన్నా ముందు తల ఊపేది పిట్టగోడే. అప్పటికే తమ్ముడి బీటతో బలహీనపడిన గోడలో ఒక ఊపుకి ఎదురు గీత పడి ఉండొచ్చు. కేవలం ప్లాస్టర్ ఎండి చీలిన గీత కూడా కావచ్చు. ఇటుకలో రెండు మూడు అతుకులు చూసి నేను తేల్చలేను. ఏదైనా గాని ఇల్లు బలహీనపడిందనేంత బీట కాదది.

---

నెల్లూరు మేస్త్రి కొడుకు | 2023 జూన్ 20

మరి ఆ మూల ఎందుకు దిగింది? వేపచెట్టు కొట్టేస్తే పోదా?

---

విజయలక్ష్మి, తిరువాన్మియూర్ | 2023 జూన్ 20

వద్దు బాబూ, కొట్టకండి. పెరంబూరు బంకమట్టి నేల. ఎండితే కుంచించుకుంటుంది, తడిస్తే ఉబ్బుతుంది. చెట్టు ఏళ్ల తరబడి ఆ మూలలో నీరు లాగి మట్టిని ఎండబెట్టింది, గోడ దానికి తగ్గట్టు కూర్చుంది. ఒక్కసారి చెట్టు తీసేస్తే నీరు తిరిగి చేరి మట్టి ఉబ్బి, ఈసారి మూలని పైకి లేపుతుంది. ముందు పునాది చూడాలి. మూల దగ్గర ఒక గుంట, నైరుతి మూల దగ్గర ఇంకో గుంట, గోడ కింద కాదు, పక్కన.

---

పెరంబూరు ప్రసాద్ | 2023 జులై 9

గుంటలు తీయించాను. పునాది మూడడుగుల లోతే. ఈశాన్య మూలలో దాని కింద మట్టి గడ్డలు గడ్డలుగా ఎండిపోయి, దారాల్లాంటి వేళ్లు అల్లుకుని ఉన్నాయి. నైరుతిలో మట్టి తడిగా, చేత్తో ఉండ చేస్తే నిలుస్తోంది.

---

పెరంబూరు ప్రసాద్ | 2023 డిసెంబర్ 19

మిచౌంగ్ తుఫానుకి వీధంతా నీళ్లే. ఇప్పుడిప్పుడే తేరుకుంటున్నాం. రెండో బీట కొలతలు: మేలో 6.2, ఆగస్టులో 6.0, అక్టోబర్ చివర 5.8, నిన్న 4.7. దానంతట అదే మూసుకుంటోంది! ముందు గది తలుపు వేసవిలో పట్టేసేది, ఇప్పుడు హాయిగా పడుతోంది. స్లాబ్‌కి జూన్‌లో తెల్ల పెయింట్ వేయించాను, ఆ తర్వాత బాగా ఎండ కాసిన రోజున 0.4 వచ్చింది.

---

కోడంబాక్కం కిరణ్ | 2023 డిసెంబర్ 19

సూపర్ అన్నా. మూసుకుంది కాబట్టి ఇప్పుడే సిమెంట్ గ్రౌట్ కొట్టేస్తే సరి.

---

విజయలక్ష్మి, తిరువాన్మియూర్ | 2023 డిసెంబర్ 20

ఇప్పుడు కొడితే మేలో పక్కన మళ్లీ తెరుచుకుంటుంది, మేలో కొడితే డిసెంబరులో మూసుకోవడానికి చోటు లేక గోడని నెడుతుంది. ఒక ఏడాది చక్రం పూర్తి కానివ్వండి. అప్పటిదాకా బీటలో ఇసుక, ఇటుక పొడి పడకుండా మెత్తని ఫోమ్ తాడు దూర్చండి. చెత్త పడితే ప్రతి ఏడూ కొంచెం తక్కువ మూసుకుంటుంది, అలా పెరుగుతూ పోతుంది. వచ్చే మేలో మళ్లీ 6.2 వస్తే కాలానికి తగ్గట్టు తెరుచుకుని మూసుకునేదే. పెరిగితే మూల ఇంకా దిగుతోందని అనుమానించాలి.

---

పెరంబూరు ప్రసాద్ | 2024 మే 26

6.4 వచ్చింది. 0.2 ఎక్కువ. ఇప్పుడేమనుకోవాలి?

---

విజయలక్ష్మి, తిరువాన్మియూర్ | 2024 మే 26

ఒక్క కొలతతో తేల్చను. ఈ ఏడాది మట్టి ఇంకా ఎక్కువ ఎండి ఉండొచ్చు, ఫోమ్ పెట్టేలోపు పొడి పడి ఉండొచ్చు, మూల నిజంగా దిగుతూ ఉండొచ్చు. స్క్రూ వదులైందేమో ముందు చూడండి, పక్కన ఇంకో జత దిగేసి రెండూ కొలవండి. చెట్టుకి ఈ వర్షాకాలంలోపు కొమ్మలు మూడో వంతు తీయించండి, అంతకు మించి వద్దు. వచ్చే ఏడు కూడా పెరిగితే ఆ మూల పునాది కింద లోతుకి కట్టించే మాట ఆలోచిద్దాం. దానికి మట్టి పరీక్ష కావాలి, ఇక్కడ రాసుకుంటూ చేసే పని కాదు.

---

షావుకారుపేట సత్యం | 2024 మే 27

మా పిట్టగోడకి కూడా ఆ స్క్రూల పద్ధతి పనికొస్తుందా అమ్మా? ఇత్తడి స్క్రూలు మా వీధి చివర కొట్లో దొరుకుతాయి.

---

విజయలక్ష్మి, తిరువాన్మియూర్ | 2024 మే 27

పనికొస్తుంది గానీ సత్యం గారూ, ముందు అది బయటికి వాలిందేమో తూకం గుండు వేలాడదీసి చూడండి. వాలి ఉంటే కొలుస్తూ కూర్చోకండి, కింద జనం నడిచే వీధి అది. పైవరసలు విప్పించి మళ్లీ కట్టించండి.